పండగ లేని ఇంటికి ఏమని రాయాలి?

భోగికి ముందు రోజు సాయంత్రం నుంచి ఫోన్లు మోగడం మొదలవుతుంది. గాలిపటం, చెరకుగడలు, హరిదాసు, గంగిరెద్దు అన్నీ ఒకే చట్రంలో ఇరికించిన బొమ్మ ఒకటి ఊరంతా తిరుగుతుంది. పంపేవాడికి అందులో పెద్ద పనేమీ లేదు. పేర్ల వరుస మీద వేలు పెట్టుకుంటూ పోవడమే. ఆ వేలు ఒక పేరు దగ్గర మాత్రం ఆగుతుంది. రెండు నెలల కిందట తండ్రి పోయిన స్నేహితుడి పేరు అది. వాడికి శుభాకాంక్షలు ఎలా పంపడం? పంపకపోతే ఏమనుకుంటాడు?

ఇలాంటప్పుడు చాలామంది రెండు దారుల్లో ఒకటి పట్టుకుంటారు. కొందరు చూసుకోకుండా అందరితో పాటు ఆ బొమ్మే పంపేస్తారు. ఇంకొందరు ‘వాళ్లకి ఈ ఏడు పండగ లేదు కదా’ అనుకుని పేరు దాటేస్తారు. రెండోది మర్యాదగానే కనిపిస్తుంది. కానీ అవతలివైపు నుంచి చూస్తే వేరు. ఏటా పండగ పొద్దున్నే యాభై మంది పలకరించిన ఫోన్ ఆ ఏడాది పలకదు. పండగ లేని సంగతి వాళ్లకి ముందే తెలుసు, దానికి సిద్ధపడే ఉంటారు. స్నేహితులంతా ఒకేసారి మౌనంగా ఉండిపోవడం మాత్రం వాళ్లు ఎదురుచూసింది కాదు.

తెలుగు హిందూ ఇళ్లలో ఈ ఇబ్బందికి ప్రత్యేకమైన కారణం ఉంది. పది పన్నెండు రోజుల కర్మకాండతో మైల తీరినా, తల్లో తండ్రో పోయిన ఇంట్లో కొడుకులు సంవత్సరీకం పెట్టేదాకా పండగ చేసుకోరు. ఏటిసూతకం అంటారు. గుమ్మానికి మామిడాకులు కట్టరు, పిండివంటలకి పొయ్యి మీద మూకుడు పెట్టరు, కొత్త బట్టలు కట్టరు, శుభకార్యాలకు వెళ్లరు. ఎంత కట్టుదిట్టంగా పాటించాలనేది ఇంటింటికీ, కులానికీ, ఊరికీ మారుతుంది. కొందరు గుడికి కూడా వెళ్లరు. ఇంకొందరు రోజూ దేవుడి దగ్గర దీపం పెట్టుకుని, పండగ ఆర్భాటం ఒక్కటే మానేస్తారు. తెలంగాణలో ఆ ఏడు ఇంట్లో బతుకమ్మ పేర్చని వాళ్లు చాలామంది. అందువల్ల ‘శుభాకాంక్షలు’ అనే మాట ఆ గుమ్మంలో మామూలు పలకరింపుగా వినిపించదు. ఇల్లు పాటిస్తున్న నియమం తెలియనట్టు, లేదా తెలిసీ లెక్కచేయనట్టు వినిపిస్తుంది.

కాబట్టి ఏం రాయాలో ఆలోచించే ముందు, ఆ ఇంట్లో ఆ రోజు ఏం జరుగుతుందో తెలుసుకోవాలి. ఊహిస్తే తప్పిపోతాం. ఒక లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది. 2025 నవంబరు మొదట్లో, కార్తీక శుద్ధ ఏకాదశి నాడు ఒక ఇంట్లో తండ్రి పోయారనుకుందాం. స్నేహితుడు ఫోన్ క్యాలెండర్‌లో ఆ తారీఖు గుర్తు పెట్టుకున్నాడు. 2026 నవంబరు 8న దీపావళి. క్యాలెండర్ చూస్తే ఏడాది దాటి వారమైంది. ఇక పర్లేదనుకుని శుభాకాంక్షలు పంపేస్తాడు. కానీ సంవత్సరీకం తారీఖును బట్టి పెట్టరు, తిథిని బట్టి పెడతారు. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది. ఆ ఏడాదికి పదమూడు నెలలు, మాసికాలకు ఒకటి అదనం. కార్తీక శుద్ధ ఏకాదశి నవంబరు 20 దగ్గరికి జరిగిపోయింది. అంటే ఆ దీపావళికి ఆ ఇంటి ముందు దీపాల వరుస ఉండదు. సంక్రాంతి నుంచి దీపావళి దాకా ఏడాది పొడుగునా వచ్చిన పండగలన్నీ వాళ్లకి లేనట్టే. దీనికి తిరగేసిన సందర్భాలూ ఉంటాయి. ఇంట్లో పెళ్లి పెట్టుకున్నారనో, ఇంకో అవసరం వచ్చిందనో పురోహితుణ్ని అడిగి మాసికాలన్నీ ముందే జరిపించేసేవాళ్లు ఉన్నారు. వాళ్ల ఇంట్లో ఆర్నెల్లకే పండగ తిరిగి రావచ్చు.

తెలుసుకోవడం కష్టమేమీ కాదు, ఎవర్ని అడగాలన్నదే చూసుకోవాలి. స్నేహితుణ్నే ‘మీకు పండగ ఉందా?’ అని అడిగితే, ‘లేదు’ అని తన నోటితో చెప్పాల్సి వస్తుంది. వాళ్ల బావమరిదినో, పక్కింటివాళ్లనో, ఇద్దరికీ తెలిసిన మూడో స్నేహితుణ్నో అడిగితే సరిపోతుంది.

ఇందులో అందరూ పొరబడే చోటు ఇంకొకటి ఉంది. పోయింది ఒకే తండ్రి. కొడుకు ఇంట్లో పండగ లేదు. మరి పెళ్లైన కూతురికి? ఆమె గోత్రం మారింది కాబట్టి తల్లిదండ్రుల మైల మూడు రోజులేనని పురోహితులు చెబుతారు. ఆ లెక్కన అత్తగారింట్లో సంక్రాంతి మామూలుగానే జరుగుతుంది. వాకిట్లో ముగ్గు ఆమే వెయ్యాలి, అరిసెల పాకం ఆమే చూడాలి, పిల్లలకి భోగిపళ్లు ఆమే పొయ్యాలి. అన్న ఇంటికి వెళ్లినవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆమె ఇంటికి వచ్చినవాళ్లు చేతిలో పళ్లెం చూసి, మామూలుగా ఉందనుకుని వెళ్లిపోతారు. పైగా సంక్రాంతి అంటేనే కూతుళ్లూ అల్లుళ్లూ పుట్టింటికి వచ్చే పండగ. ‘ఎప్పుడు బయల్దేరుతున్నారమ్మా’ అంటూ ఏటా వచ్చే ఫోను ఆ ఏడు రాదు. ఇవేమీ తెలియని స్నేహితురాలు నవ్వుతూ ‘పండక్కి పుట్టింటికి వెళ్లడం లేదా?’ అని అడుగుతుంది. అడిగినామెది చెడ్డ ఉద్దేశం కాదు. అయినా ఆ రోజుకి అంతకంటే గుచ్చుకునే ప్రశ్న ఇంకొకటి ఉండదు.

అంటే ఒకే ఇంటి అన్నాచెల్లెళ్లకు పంపే మాటలు ఒకేలా ఉండకూడదు. అన్నకు రాసేటప్పుడు పండగ లేదన్న సంగతి ఒప్పుకోవాలి. చెల్లెలికి రాసేటప్పుడు పండగ ఉన్నా ఆమెకు ఏదో లోటు ఉందని గుర్తించాలి.

ముందు అన్న సంగతి. తండ్రి గోదావరి జిల్లాలో ఒక పల్లెటూళ్లో బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం. రాసేవాడు వాడి పదో తరగతి స్నేహితుడు, సెలవుల్లో ఆ ఇంట్లోనే తిని పెరిగినవాడు. పోయినాయన్ని మావయ్య అని పిలిచేవాడు. అలవాటు కొద్దీ మొదట చేతికి వచ్చే మాట ఇది:

‘నీకూ నీ కుటుంబానికీ సంక్రాంతి శుభాకాంక్షలు. ఈ పండగ మీ ఇంట భోగభాగ్యాలు నింపాలి.’

ఇందులో తప్పుమాట ఒక్కటీ లేదు. తప్పు చిరునామాలో ఉంది. ఇది ఎవరికైనా పంపగలిగిన మాట. అందువల్లే ఆ ఇంట్లో ఎవరూ చదవరు. చదివితే ‘వీడికి మావయ్య పోయిన సంగతే గుర్తులేదా’ అనుకుంటారు. దీన్ని సరిదిద్దబోయి, కాస్త మనసున్న మనిషి రెండో కొసకు వెళ్లిపోతాడు:

‘మావయ్య లేని మొదటి సంక్రాంతి. ఆ ఇల్లు, ఆ వీధి అరుగు తలుచుకుంటేనే గుండె తరుక్కుపోతోంది రా. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆయన లేని లోటు ఎవరూ తీర్చలేరు. ధైర్యంగా ఉండు, ఇక ఆ ఇంటికి నువ్వే పెద్దదిక్కు.’

ఇది రాసినవాడి ప్రేమను ఎవరూ కాదనరు. కానీ చదివేవాడి స్థానంలో కూర్చుని చూడాలి. పొద్దున లేచి అమ్మతో ఏం మాట్లాడాలో తెలియక తిరుగుతున్నవాడికి, తన స్నేహితుడు రాత్రంతా నిద్రపోలేదన్న కబురు వచ్చింది. ఇప్పుడు వాడే వీణ్ని ఓదార్చాలి. ‘లోటు ఎవరూ తీర్చలేరు’ అన్నది వాడికి కొత్త సమాచారం కాదు. ‘పెద్దదిక్కు’ అన్నమాట మోయాల్సిన బరువును గుర్తు చేస్తుందే తప్ప, మోయడానికి ఓ చెయ్యి వెయ్యదు. ‘ధైర్యంగా ఉండు’ అనేది పైకి ఓదార్పులా ఉన్నా లోపల ఒక ఆదేశం.

‘పైనుంచి అన్నీ చూస్తూనే ఉంటారు’, ‘పెద్ద వయసు, బాధపడకుండా వెళ్లిపోయారు, అదృష్టవంతులు’ లాంటివి కూడా ఈ కోవలోవే. ఇవి ఆ ఇంటివాళ్లు తమకు తాము చెప్పుకుంటే ఊరటనిస్తాయి. బయటివాళ్లు చెబితే ‘ఇక బాధపడటం ఆపు’ అన్నట్టు ఉంటాయి. వాళ్లే ఆ మాట అన్నప్పుడు ‘అవును’ అనడం వేరు, మనం ముందుగా అందించడం వేరు.

మూడోసారి రాస్తే ఇలా రావచ్చు:

‘రేయ్, ఈ ఏడు మీకు పండగ లేదని తెలుసు. భోగి అనగానే మావయ్య గుర్తొచ్చారు. మన పిడకల దండ పొట్టిగా ఉందని మళ్లీ గుచ్చమని కూర్చోబెట్టేవారు కదా. అత్తయ్యని అడిగానని చెప్పు. దీనికి జవాబు రాయక్కర్లేదు. కనుమ వెళ్లాక నేనే ఫోన్ చేస్తా.’

మొదటి వాక్యం ఇంటి నియమాన్ని గౌరవించింది. శుభాకాంక్షలు ఎందుకు చెప్పడం లేదో వేరే వివరించాల్సిన అవసరం లేకుండా పోయింది. పోయినాయన పేరెత్తడానికి చాలామంది జంకుతారు, గుర్తుచేస్తే బాధపడతాడేమోనని. గుర్తు చేయడానికి వాడు మర్చిపోతే కదా. పండగ పూట తండ్రి తప్ప వాడి తలలో ఇంకేమీ ఉండదు. ఇంకెవరికైనా కూడా ఆయన గుర్తున్నారా అన్నదే వాడికి తెలియదు. అందుకే పిడకల దండ. ‘మహానుభావుడు, ఎందరికో విద్యాదానం చేశారు’ అని రాస్తే సంతాప సభ తీర్మానంలా ఉండేది. దండ పొట్టిగా ఉందని మళ్లీ గుచ్చించిన మనిషి మాత్రం ఒక్కరే. ఆ జ్ఞాపకం ఆసుపత్రిదీ, ఆఖరి రోజులదీ కాకుండా, ఆయన బతికి తిరిగిన కాలానిది కావడం కూడా ముఖ్యం. చదివి నవ్వినా సరే, కళ్లు చెమర్చినా సరే.

పంపే ముందు చిన్న జాగ్రత్త ఒకటి. జ్ఞాపకం నిజంగా పంచుకున్నదై ఉండాలి. ఆయన్ని ఎప్పుడూ చూడని సహోద్యోగి ఇలా రాయబోతే అతికినట్టు ఉంటుంది. వాళ్లకి వేరే దారి ఉంది, దాని దగ్గరికి వద్దాం.

‘అత్తయ్యని అడిగానని చెప్పు’ అన్నది మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న మాట. అందులో ప్రశ్న లేదు, కాబట్టి జవాబు చెప్పాల్సిన పనీ లేదు. ‘అత్తయ్య ఎలా ఉన్నారు?’ అని రాస్తే వాడు నిజం రాయాలా, ‘బాగానే ఉన్నారు’ అని రాయాలా అని ఆలోచించాలి. ‘జవాబు రాయక్కర్లేదు’ అనడం కూడా ఇందుకే. ఇక చివరి వాక్యంలో ఫోన్ ఎప్పుడు చేస్తాడో చెప్పాడు. ‘ఏమైనా అవసరమైతే చెప్పు’ అనే మాటలో అడగాల్సిన భారం అవతలివాడి మీదే పడుతుంది, వాడు అడగడు. కనుమ వెళ్లాక ఫోన్ చేస్తానన్నవాడు చెయ్యాలి మరి. చెయ్యకపోతే ఆ వాక్యం రాయకుండా ఉండటమే మేలు.

చెల్లెలికి రాసేటప్పుడు ముగ్గునీ అరిసెల్నీ కాదనకుండా రాయాలి. ‘ఏమే, పండగ పనుల్లో తలమునకలుగా ఉంటావని తెలుసు. ఈసారి బాబాయి దగ్గర్నుంచి ఫోన్ రాని పండగ కదా, పొద్దుటి నుంచి నువ్వే గుర్తొస్తున్నావు. రాత్రి పనులయ్యాక మాట్లాడాలనిపిస్తే చెయ్యి, పదకొండైనా మెలకువగానే ఉంటా.’ వచ్చిన చుట్టాల మధ్య ఆమె దీన్ని చదువుకుని ఫోన్ పక్కన పెట్టేయవచ్చు. ఆ గంటలో కంటతడి పెట్టించే పొడుగాటి ఉత్తరం పంపితే, ఆమె కళ్లు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లాల్సి వస్తుంది. ‘పిల్లలకి నా పండగ ఆశీస్సులు చెప్పు’ అని కలిపినా తప్పులేదు. ఆ ఇంట్లో పండగ ఉంది, పిల్లలకు ఇంకా బాగా ఉంది.

తండ్రిని చూడని సహోద్యోగికీ, పై అధికారికీ మాట పొట్టిగా, నిండుగా ఉంటే చాలు. ‘సార్, ఈ ఏడు మీ ఇంట్లో పండగ లేదని తెలిసింది. అమ్మగారిని తలచుకుంటూ ఉంటారని అనిపించి రాస్తున్నాను. మీరూ ఇంట్లో అందరూ క్షేమంగా ఉండాలి.’ క్షేమంగా ఉండాలనడానికి ఏ సూతకమూ అడ్డురాదు. ‘శుభం’, ‘సంబరం’, ‘వెలుగులు నిండాలి’ అన్నవాటి చోట క్షేమం, ఆరోగ్యం, మనశ్శాంతి లాంటివి కూర్చుంటాయి. ఆంగ్ల సంవత్సరాదికి ఏటిసూతకంతో పనిలేదని చాలా ఇళ్లలో అనుకుంటారు. అయినా ‘హ్యాపీ’ అని అరిచే బొమ్మ కన్నా ఈ మూడు వాక్యాలే మేలు.

ఎప్పుడు పంపాలన్నదీ చూసుకోవాల్సిందే. పండగ పొద్దున వచ్చేవి వందల్లో ఉంటాయి. వాటి మధ్య ఇది కూడా ఇంకో బొమ్మలా జారిపోతుంది. ముందురోజు సాయంత్రం పంపితే ఆ రాత్రి తీరిగ్గా చదువుకుంటారు. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ జాబితా పెట్టుకునేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. ఆ జాబితా నుంచి వెళ్లిన సందేశం అవతలివాళ్లకు విడిగా వాళ్లకే రాసినట్టు కనిపిస్తుంది. అందువల్ల ‘అందరికీ పంపినదే’ అని సర్దిచెప్పుకునే వీలు కూడా ఉండదు. పండగ సీజన్ మొదలవకముందే ఆ ఏడాదికి ఆ పేరు జాబితాలోంచి తీసి, విడిగా రాసుకోవాలి. బడి స్నేహితుల గ్రూపు వేరు సంగతి. అక్కడ వచ్చే బొమ్మల్ని ఎవరూ ఆపలేరు, ఆపాలని వాడూ అనుకోడు. ఆ గోల మధ్య వాడి పేరు ఎత్తి సానుభూతి చెప్పడం మాత్రం వద్దు. అరవై మంది చేతులు జోడించిన బొమ్మలు పెడతారు, అరవై మందికీ వాడు బదులివ్వాలి.

దగ్గరి ఊళ్లో ఉంటే మాటతో పాటు చేతిలో ఏదైనా తీసుకెళ్లడం మన అలవాటు. మూకుడు పెట్టని ఇంటికి ఇరుగుపొరుగువాళ్లు అరిసెలో జంతికలో పిల్లల కోసమంటూ ఇచ్చి వెళ్లడం చాలా ఊళ్లలో ఉంది. తీసుకోని ఇళ్లూ ఉన్నాయి కాబట్టి ముందు ఇంట్లో పెద్దావిడను అడగడం పద్ధతి. పసుపు కుంకాలూ కొత్త బట్టలూ లాంటి శుభానికి పెట్టేవి ఆ ఏడాదికి వద్దు. తండ్రి పోయిన ఇంట్లో తల్లి ముందు వాటి ప్రస్తావన కూడా రాకుండా చూసుకుంటారు తెలిసినవాళ్లు. ఉత్తరాంధ్రలో సంక్రాంతికి పోయిన పెద్దలకు బట్టలు పెట్టి తలుచుకునే ఆనవాయితీ ఉంది. అక్కడివాళ్లకు పోయినవాళ్ల ప్రస్తావన పండగలో భాగమే కాబట్టి, ఆయన పేరెత్తడానికి ఎవరూ అంతగా వెనకాడరు.

స్నేహితుడు క్రైస్తవుడో ముస్లిమో అయితే ఈ లెక్కలు చాలావరకు వర్తించవు. ఇస్లాంలో తల్లిదండ్రులు పోయినా సంతాప దినాలు మూడే. భర్త పోయిన స్త్రీ మాత్రం నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ పాటిస్తుంది. అంటే రంజాన్ నాటికి కొడుకు ఈద్‌గాలో నమాజుకు వెళ్లివస్తూ ఉండవచ్చు, తల్లి ఇంట్లో ఇద్దత్‌లో ఉండవచ్చు. ‘ఈద్ ముబారక్’ చెప్పడంలో తప్పులేదు, దాని వెంట ‘అబ్బాజాన్‌ని తలుచుకున్నాను’ అని ఒక్క వాక్యం ఉంటే బాగుంటుంది. క్రైస్తవ కుటుంబాల్లోనూ క్రిస్మస్ ఆగిపోదు, చర్చికి వెళ్తారు. నక్షత్రం కట్టాలా వద్దా, కేకు కొయ్యాలా వద్దా అన్నది ఇంటివాళ్ల మనసును బట్టి ఉంటుంది. అక్కడ ‘హ్యాపీ’ బదులు ‘ఈ క్రిస్మస్ మీకు నెమ్మదినివ్వాలి’ అంటే సరిపోతుంది.

ఇన్ని జాగ్రత్తలు తెలిసినవాళ్లకూ ఒక్కోసారి వేలు జారుతుంది. గాలిపటాల బొమ్మ వెళ్లిపోయింది, రెండు నీలం టిక్కులు పడ్డాయి. అప్పుడు కంగారుపడి చెరిపేస్తే ‘సందేశం తొలగించబడింది’ అన్న గుర్తు మిగిలిపోతుంది, ఏం చెరిపారో అన్న ఆలోచన వేరే. చెరపకుండా దాని కిందే ఒక వాక్యం రాయడం మంచిది: ‘అందరితో పాటు నీకూ వెళ్లిపోయింది రా, చూసుకోలేదు. మీకు పండగ లేదని తెలుసు.’ పేజీ నిండా క్షమాపణలు వద్దు, వాడు మళ్లీ ‘పర్లేదులే’ అని పదిసార్లు అనాల్సి వస్తుంది. వాడు ‘థాంక్స్ రా, నీకూ’ అని రాస్తే దాన్నలాగే తీసుకుని, కనుమ వెళ్లాక ఫోన్ చేసేటప్పుడు ఆ సంగతి మళ్లీ ఎత్తకుండా పిల్లల చదువుల గురించో, అత్తయ్య ఊళ్లోనే ఉంటారా వాళ్లతో వస్తారా అన్న దాని గురించో మాట్లాడితే చాలు.